మార్చి 31న బీమా ఎంత మిగిలింది, కూలి ఎంత బాకీ?

నెల్లూరు తీరంలో రొయ్యల వ్యాపారం లెక్కలు రాసేవాళ్లకు రెండు తేదీలు ఎప్పుడూ ఒకచోట కలవవు. తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుపాను ఈ జిల్లాను ఎలా ముంచాయో చూసినవాళ్లు షెడ్డుకీ, జనరేటర్లకీ, పంపులకీ బీమా సెప్టెంబరు చివరికల్లా కట్టేయాలనుకుంటారు. లెక్కల సంవత్సరం మాత్రం మార్చి 31న ముగుస్తుంది. అంటే ఆ రోజుకి పాలసీ సగమే గడిచి ఉంటుంది. కూలి సంగతి దీనికి తలకిందులు. పని మార్చిలో అయిపోతుంది, డబ్బు ఏప్రిల్లో చేతికొస్తుంది. నెల జీతగాళ్లకు మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి మార్చి జీతం దాదాపు ప్రతి సంస్థలోనూ 31వ తేదీకి బాకీగానే కనబడుతుంది.

సర్దుబాటు పద్దులు రాసేది ఇందుకే. డబ్బు ఎప్పుడు ఇచ్చామన్నది పక్కనబెట్టి, ఆ ఖర్చు ఏ సంవత్సరానిదో చూడాలి. ఇంటర్ కామర్స్ విద్యార్థికీ, హేచరీ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాకూ ఈ సూత్రం ఒకటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విడవలూరు మండలం తీరంలో ఒక హేచరీ 2024 ఏప్రిల్ 1న మొదలైందనుకోండి. పరీక్షలో ప్రశ్న ఇలా ఉంటుంది.

ప్రశ్న 1: 31-3-2025 నాటి అంకణాలో వేతనాలు రూ.13,20,000, బీమా ప్రీమియం రూ.72,000 ఉన్నాయి. సర్దుబాట్లు: (అ) బీమా ప్రీమియం 1-10-2024న ఒక సంవత్సరానికి చెల్లించారు. (ఆ) మార్చి నెల జీతపు పనివాళ్లకు రూ.84,000 చెల్లించాలి. (ఇ) రోజు కూలీలు 10 మందికి రోజుకు రూ.600 చొప్పున ప్రతి శనివారం చెల్లిస్తారు. ఆదివారం కూడా పని ఉంటుంది. సర్దుబాటు పద్దులు రాసి, ముగింపు లెక్కల్లో చూపండి.

ముందు బీమా. పాలసీ అక్టోబరు 1 నుంచి సెప్టెంబరు 30 వరకు. మార్చి 31కి 6 నెలలు గడిచాయి, 6 నెలలు మిగిలాయి. 72,000 × 6/12 = రూ.36,000 ముందుగా చెల్లించినది.

ముందుగా చెల్లించిన బీమా ఖాతా డెబిట్ 36,000
    బీమా ప్రీమియం ఖాతాకు 36,000
(1-4-2025 నుంచి 30-9-2025 వరకు వర్తించే ప్రీమియంను వేరుచేసినందున)

ఇక కూలి. 2025 మార్చి 31 సోమవారం. చివరి చెల్లింపు 29వ తేదీ శనివారం జరిగింది. 30, 31 తేదీల కూలి బాకీ: 10 × 600 × 2 = రూ.12,000. నెల జీతాల రూ.84,000 కలిపితే రూ.96,000.

వేతనాల ఖాతా డెబిట్ 96,000
    చెల్లించవలసిన వేతనాల ఖాతాకు 96,000
(31-3-2025 నాటికి పని పూర్తయి చెల్లించని వేతనాలను నమోదు చేసినందున)

ముగింపు లెక్కల్లో వేతనాలు 13,20,000 + 96,000 = రూ.14,16,000 వర్తకపు ఖాతా డెబిట్ వైపు. బీమా 72,000 – 36,000 = రూ.36,000 లాభనష్టాల ఖాతా డెబిట్ వైపు. ఆస్తి అప్పుల పట్టీలో ముందుగా చెల్లించిన బీమా రూ.36,000 ఆస్తుల్లో, చెల్లించవలసిన వేతనాలు రూ.96,000 అప్పుల్లో. సర్దుబాట్లకు ముందు లాభం రూ.4,00,000 కనిపించిందనుకుంటే, 36,000 కలిపి 96,000 తీసేయగా అసలు లాభం రూ.3,40,000.

విద్యార్థులు మార్కులు పోగొట్టుకునే చోటు ఇక్కడే. సర్దుబాటు అంకణా కింద ఇస్తే రెండు చోట్ల చూపాలి, పైన చేసినట్టు. అదే ‘చెల్లించవలసిన వేతనాలు 96,000’ అంకణా లోపలే క్రెడిట్ వైపు ఉంటే, దానికి పద్దు ఇప్పటికే రాసేశారని అర్థం. అప్పుడు అప్పుల వైపు ఒక్కచోటే చూపాలి. వేతనాలకు మళ్లీ కలిపితే అదే ఖర్చును రెండుసార్లు రాసినట్టవుతుంది.

ఆఫీసులో అసలు చిక్కు రెండో ఏడాది వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీనికి ఇచ్చే చోటు చాలా తక్కువ, నా ఉద్దేశంలో ఎక్కువ సాధన కావలసింది దీనికే.

ప్రశ్న 2: అదే హేచరీ 1-10-2025న రూ.78,000 ప్రీమియంతో పాలసీ పునరుద్ధరించింది. 2025–26లో వేతనాలకు చెల్లించిన మొత్తం రూ.15,00,000, పాత బాకీ రూ.96,000 ఇందులోనే ఉంది. 31-3-2026న చెల్లించవలసిన వేతనాలు రూ.1,08,000. ఈ సంవత్సరపు ఖర్చులు కనుక్కోండి.

బీమా: పోయిన ఏడాది మిగిలిన రూ.36,000 ఈ ఏడాది సెప్టెంబరు 30తో పూర్తిగా ఖర్చయింది. కొత్త ప్రీమియంలో 6 నెలల వాటా రూ.39,000. మొత్తం ఖర్చు రూ.75,000. మిగిలిన రూ.39,000 కొత్త ఆస్తి. వేతనాలు: 15,00,000 – 96,000 + 1,08,000 = రూ.15,12,000.

దీన్ని పుస్తకాల్లో సులువుగా తెచ్చేందుకు ఏప్రిల్ 1న రెండు సర్దుబాటు పద్దులనూ తిప్పి రాయాలి. బీమా ప్రీమియం డెబిట్, ముందుగా చెల్లించిన బీమా క్రెడిట్ 36,000. చెల్లించవలసిన వేతనాలు డెబిట్, వేతనాలు క్రెడిట్ 96,000. ఆ తరువాత ఏప్రిల్లో ఇచ్చే జీతాన్ని మామూలుగానే వేతనాల ఖాతాకు రాసుకోవచ్చు, పాత బాకీ దానంతటదే సరిపోతుంది. ట్యాలీలో అయితే రెండూ F7 జర్నల్ వోచర్లే. తిప్పి రాయడం మరిచారా అన్నది తెలుసుకోవడం తేలిక: సెప్టెంబరులో ముగిసిన పాలసీ తాలూకు 36,000 తరువాతి మార్చిలో కూడా ఆస్తుల్లో కనిపిస్తుంది, పనివాళ్లందరికీ ఇచ్చేసిన 96,000 అప్పుల్లో అలాగే ఉండిపోతుంది. ఏటా ఏప్రిల్ చివర ఈ రెండు ఖాతాల నిల్వ సున్నా అయిందో లేదో చూడండి.

మరో రెండు సంగతులు. పరీక్షలో నెలల లెక్క చాలు. ఆఫీసులో పాలసీ నెల మధ్యలో మొదలైతే రోజుల లెక్క వేయాలి. పై పాలసీకే రోజులు లెక్కిస్తే మిగిలినవి 365లో 183, అంటే రూ.36,099. తేడా చిన్నదే అయినా ఏ పద్ధతి పట్టుకుంటే ఏటా అదే నడపాలి. తేదీలను రసీదు మీద కాకుండా పాలసీ షెడ్యూలులో ‘ఎప్పటి నుంచి – ఎప్పటి వరకు’ అన్నచోట చూసుకోండి. డబ్బు కట్టిన రోజు, రక్షణ మొదలైన రోజు ఒకటే కానక్కర్లేదు.

కూలీలకు ఇచ్చే అడ్వాన్సు రెండోది. పట్టుబడుల రోజుల్లో ముందే డబ్బు తీసుకునేవాళ్లు తీరమంతా ఉంటారు. ఆ రూ.12,000 కూలి బాకీలో ఒకరికి రూ.5,000 అడ్వాన్సు ఇచ్చి ఉన్నా, ఖర్చు మాత్రం రూ.12,000 పూర్తిగా రాయాలి. పని జరిగింది కాబట్టి. అడ్వాన్సు ఆస్తుల్లో వేరుగా ఉండి, కూలి చెల్లించే రోజున అందులోంచి తగ్గుతుంది. ఖర్చును రూ.7,000గా రాస్తే ఆ మనిషి చేసిన పని లెక్కలో తగ్గిపోతుంది. అందుకే మార్చి 31 సాయంత్రం మస్టరు పుస్తకం, అడ్వాన్సుల పుస్తకం, పాలసీ కాగితం మూడూ ఎదురుగా పెట్టుకున్నాకే ఈ పద్దులు రాయండి.