విషాదంలో విషం లేదు: ఒకే ధాతువు నుంచి విషాదం, ప్రసాదం

భగవద్గీత మొదటి అధ్యాయం మీద చేసిన వీడియోలో నేను ఒక తప్పు చెప్పాను. దాన్ని సరిదిద్దుకోవడానికే ఈ పోస్ట్. అయితే ఆ తప్పు వెంట పోతే ఒక మంచి విషయం దొరికింది, అది కూడా మీతో పంచుకోవాలనిపించింది.

వీడియోలో అర్జున విషాద యోగం అనే పేరు వివరిస్తూ, “విషాదం అంటే మనసులోకి విషం చేరడం” అనేశాను. ఎక్కడో విన్నాను, వినసొంపుగా ఉంది, చెప్పేశాను. రెండు రోజుల తర్వాత మా మేనకోడలు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగాల వేటలో ఉంది. మూడు ఇంటర్వ్యూలు పోయి, నెల రోజులుగా గదిలోంచి బయటికి రావట్లేదట. “మామయ్యా, నేనూ అలాగే ఉన్నాను. అంటే నా మనసులో విషం ఉన్నట్టేనా?” అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను తిట్టలేదు. ఒక్క ప్రశ్న వేశారు. “విషాదం విషం నుంచి వస్తే, విషణ్ణ వదనం అంటాం కదా, ఆ ‘ణ్ణ’ ఎక్కడి నుంచి వచ్చిందయ్యా?”

నా దగ్గర జవాబు లేదు.

అసలు ధాతువు: సద్

ధాతువు అంటే క్రియాపదానికి మూలరూపం. సంస్కృతంలో చాలా మాటలు ఒక ధాతువు మీద ప్రత్యయాలు చేరి తయారవుతాయి. ముందు ‘ప్ర’, ‘వి’, ‘ని’, ‘పరి’ లాంటి ఉపసర్గలు కూడా చేరవచ్చు. విషాదంలో ఉన్న ధాతువు ‘సద్’. పాణినీయుల ధాతుపాఠం దీనికి మూడు అర్థాలు ఇస్తుంది: విశరణం (విడిపోవడం, శిథిలం కావడం), గతి (వెళ్ళడం), అవసాదనం (కుంగిపోవడం). వాడుకలో దీనికి కూర్చోవడం, కిందికి దిగడం అనే అర్థాలు బాగా కనిపిస్తాయి.

వి + సద్ నుంచి విషాదం. మనసు కుంగి, కూలబడిపోవడం. విషం ఊసే లేదు.

మరి ‘స’ కాస్తా ‘ష’ ఎలా అయింది? ముందున్న ఉపసర్గ చివర ‘ఇ’ ఉంటే, ఈ ధాతువులోని ‘స’ నాలుకను కాస్త వెనక్కి లాగి ‘ష’గా మారుతుంది. ‘స్థా’ ధాతువులో కూడా ఇదే చూడవచ్చు. అవ చేరితే అవస్థ, సం చేరితే సంస్థ. ని చేరితే మాత్రం నిష్ఠ, ప్రతి చేరితే ప్రతిష్ఠ. అన్ని ధాతువులకీ ఇది జరగదు. విస్తారం, విస్మయం మాటల్లో ‘వి’ ఉన్నా ‘స’ అలాగే నిలబడింది. ఏ ధాతువులకు మారుతుందో వ్యాకరణం విడిగా చెబుతుంది. ఆ జాబితాలో సద్ ఉంది.

ఇక మాస్టారు అడిగిన ‘ణ్ణ’. చివర ‘ద్’ ఉన్న ధాతువులకు ‘అయిన’ అనే అర్థంలో ‘త’ ప్రత్యయం చేరినప్పుడు, ఆ రెండూ కలిసి చాలా మాటల్లో ‘న్న’ అవుతాయి. ఇది మనకు తెలియకుండానే రోజూ వాడుతున్నాం. ఈ జంటలు చూడండి:

భేదం – భిన్నం
ఖేదం – ఖిన్నం
విషాదం – విషణ్ణం

మనం ఛిన్నాభిన్నం అంటామే, అందులోని ఛిన్నం, భిన్నం రెండూ ఇలా పుట్టినవే. ఛిద్ అంటే కోయడం, భిద్ అంటే పగలగొట్టడం. విషణ్ణంలో కూడా మొదట ‘న్న’ రావాలి, ముందున్న ‘ష’ ప్రభావంతో అది ‘ణ్ణ’ అయింది. విషం నుంచి బయల్దేరితే ఈ ‘ణ్ణ’ని ఎలాగూ రాబట్టలేం. మాస్టారి ఒక్క ప్రశ్నతో నా వ్యుత్పత్తి కూలిపోయింది అందుకే.

అదే ధాతువు, ఇంకో ఉపసర్గ

మాస్టారు అక్కడితో ఆగలేదు. “ఆ జంటల కింద ఇంకోటి రాయి” అన్నారు.

ప్రసాదం – ప్రసన్నం

నేను ఒక్క క్షణం ఆగిపోయాను. ప్ర + సద్. ‘ప్ర’ చివర ‘అ’ ఉంది కాబట్టి ‘స’ మారలేదు, అందుకే ఈ రెండూ అన్నదమ్ములని చెవికి తెలియట్లేదు. గుడిలో చేతిలో పెట్టే ప్రసాదానికి, అర్జునుడి విషాదానికి ధాతువు ఒక్కటే!

కిందికి దిగడం అనే అర్థం నుంచి ప్రసాదం ఎలా వచ్చిందో తెలియాలంటే నీళ్ళ గురించి ఆలోచించాలి. బురద నీళ్ళు బిందెలో పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి చేరుతుంది, పైన నీళ్ళు తేటగా కనిపిస్తాయి. సంస్కృతంలో నీళ్ళు ఇలా తేటపడటాన్ని కూడా ప్రసాదం అనే అంటారు. నీళ్ళు శుభ్రం కావడానికి ఇండుప గింజను అరగదీసి కలిపేవారు. దాన్ని సంస్కృతంలో కతకం అంటారు. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఆ గింజను ‘అంబుప్రసాదకం’ అన్నారు, అంటే నీటిని తేటపరిచేది.

మనసు విషయంలోనూ అంతే. కలతంతా అడుక్కి దిగి, పైన తేటగా ఉంటే ఆ మనసు ప్రసన్నం. కోపమూ కలతా లేని తేట ముఖం ప్రసన్న వదనం. అలా ప్రసన్నమైన మనసుతో ఒకరి మీద చూపే దయ ప్రసాదం. ఆ దయతో ఇవ్వడం ప్రసాదించడం. చివరికి ఆ దయకు గుర్తుగా మన చేతికి వచ్చే పులిహోర, లడ్డూ కూడా ప్రసాదమే అయ్యాయి. అర్థం ఒక్కో మెట్టూ దిగుతూ నీళ్ళ నుంచి మనసుకి, మనసు నుంచి దయకి, దయ నుంచి దోసిట్లోకి వచ్చింది.

ఇంకో తమాషా చెప్పనా? ఇదే ఊహ మన అచ్చ తెలుగులోనూ ఉంది. ‘తేరుకోవడం’ అనే మాట చూడండి. కలక నీళ్ళు తేరుకుంటాయి, దెబ్బ తిన్న మనిషీ తేరుకుంటాడు. ధాతువు వేరు, భాష వేరు, కానీ చూసిన బిందె ఒకటే.

గీతలో ఈ రెండు మాటలూ

ఇప్పుడు గీత తెరిచి చూడండి. మొదటి అధ్యాయంలో అర్జునుడు తన అవయవాలు కుంగిపోతున్నాయని చెప్పేచోట వాడిన క్రియ ‘సీదంతి’. అది సద్ ధాతువు వర్తమాన రూపమే. రెండో అధ్యాయం 64, 65 శ్లోకాల్లో రాగద్వేషాలు వదిలినవాడికి దొరికేదాని పేరు ప్రసాదం. అక్కడ లడ్డూ కాదు, తేటపడిన మనసు. ఇక పద్దెనిమిదో అధ్యాయం 73వ శ్లోకంలో అర్జునుడు తన మోహం పోయిందని చెబుతూ, అది కృష్ణుడి ప్రసాదం వల్ల జరిగింది అంటాడు. విషాదంతో మొదలైన సంభాషణ ప్రసాదం దగ్గర ముగిసింది. తెలుగు తాత్పర్యంలో ఒకచోట ‘దుఃఖం’, ఇంకోచోట ‘అనుగ్రహం’ అని చదివితే ఈ బంధుత్వం కనిపించదు.

ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి

ధాతువు దొరికింది కదా అని ప్రతి మాటనూ దానికి తగిలించేస్తే మళ్ళీ నా విషం కథే అవుతుంది. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది ఆసనం. కూర్చోవడమే కాబట్టి ఇదీ సద్ నుంచే అనిపిస్తుంది. కాదు. ఆసనం ‘ఆస్’ అనే వేరే ధాతువు నుంచి వచ్చింది. ‘సమయం ఆసన్నమైంది’ అంటామే, ఆ ఆసన్నం మాత్రం ఆ + సద్ నుంచి వచ్చింది, దగ్గరికి చేరింది అని అర్థం. ఒక ‘న’కీ రెండు ‘న’లకీ అంత తేడా. అలాగే మొదటి అధ్యాయం చివర అర్జునుడు రథంలో కూర్చుండిపోతాడు. అక్కడైనా సద్ ఉంటుందని నేను ఆశపడ్డాను. లేదు, అక్కడి క్రియ ‘విశ్’ ధాతువుది. కథకి ఎంత బాగా అతికినా లేనిదాన్ని ఉందనకూడదు.

రెండోది ఉపనిషత్తు. ఉప + ని + సద్. ‘ని’ వల్ల ‘స’ మళ్ళీ ‘ష’ అయింది. గురువు దగ్గర కింద కూర్చుని నేర్చుకునేది అని చాలామంది చెబుతారు, నేనూ చెప్పాను. శంకరాచార్యులు కఠోపనిషత్తు భాష్యం మొదట్లో మాత్రం ధాతుపాఠంలోని మూడు అర్థాలనూ తీసుకున్నారు. అవిద్యను నశింపజేసేది, బ్రహ్మం దగ్గరికి చేర్చేది, జన్మ జరల బంధాన్ని సడలించేది అని వివరించారు. ధాతువు ఒకటే, దాని నుంచి అర్థాన్ని రాబట్టిన దారులు రెండు. కాబట్టి ధాతువు మనకు మాట పుట్టిన చోటు చూపిస్తుంది. ఆ మాట అక్కడి నుంచి ఎటు నడిచిందో తెలియాలంటే అది వాడిన వాక్యాలు కూడా చూడాలి. జిల్లా పరిషత్తులో ఉన్నది కూడా పరి + సద్, చుట్టూ కూర్చున్నవాళ్ళు. అంతమాత్రాన దాని అధికారాలేమిటో ధాతువు చెప్పదు కదా!

మీరు ఎక్కడైనా కొత్త వ్యుత్పత్తి వింటే మాస్టారి పద్ధతిలో చూడండి. ఒకటి, మాటలో ఉన్న ప్రతి అక్షరానికీ లెక్క చెప్పగలమా? రెండు, అదే కుటుంబంలో ఇంకో మాటకి అదే లెక్క సరిపోతుందా? విషాదం విషం నుంచి వచ్చిందన్న మాట రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

ఇంటికొచ్చి మేనకోడలికి ఫోన్ చేశాను. “నేను తప్పు చెప్పానమ్మా. విషాదంలో విషం లేదు. కుంగడం ఉంది, అంతే. ప్రసాదంలో ఉన్నదీ ఆ ధాతువే” అన్నాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, “అయితే బిందె కదపకుండా ఉంచాలంటావా మామయ్యా?”

“కొన్నాళ్ళు ఉంచు. ఇండుప గింజ కావాలంటే మాత్రం ఇంటికి రా” అన్నాను. శనివారం వచ్చింది.

పాత వీడియోలో ఆ భాగం తీసేశాను. ఈలోగా మీకో చిన్న పని: నైవేద్యం, ఆఫీసులో ఇచ్చే నివేదిక, ఈ రెండింటిలో ఉన్న ధాతువు ఒకటే. అదేమిటో, దేవుడికి పెట్టేముందు దాన్ని ప్రసాదం అని ఎందుకు అనకూడదో ఆలోచించి చూడండి. వచ్చే పోస్ట్‌లో అక్కడి నుంచి మొదలుపెడదాం.