నలభై ఆరు టన్నులు అమ్మితే ముప్పై తొమ్మిదే లెక్కా?

ప్రశ్న: రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. బాపట్ల, రేపల్లె నా ఏరియా. ఏప్రిల్–జూన్ టార్గెట్ 40 టన్నులు, 46 అమ్మాను. టార్గెట్ దాటితే టన్నుకు రూ.300 ఇన్సెంటివ్ అన్నారు. రూ.13,800 రావాల్సింది, రూ.7,800 వేశారు. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, ఈపురుపాలెం

జవాబు: మీరు పంపిన కాగితంలో రేట్ల పట్టిక కన్నా దాని కింద ఉన్న చిన్న అక్షరాలే ముఖ్యం. అక్కడ ‘అమ్మకం’ అంటే బిల్లు కాదు. వాపసు వచ్చిన సరుకు తీసేయగా, 60 రోజుల్లో డబ్బు జమైనది మాత్రమే. మీకు 2 టన్నులు వాపసు వచ్చాయి, 5 టన్నుల డబ్బు ఆలస్యమైంది. మిగిలింది 39. టార్గెట్‌కు ఒక్క టన్ను తగ్గడంతో రేటు రూ.200కి పడి, మొత్తం 39 టన్నులకూ అదే వర్తించింది. వసూలు గడువు కోసమే చెల్లింపు సెప్టెంబరు జీతంతో పెట్టారు.

అయితే ఆ 5 టన్నుల బిల్లు చూడండి. బిల్లు తేదీ జూన్ 24, డీలరు గోడౌన్‌లో సరుకు దిగింది 28న, చెక్కు జమైంది ఆగస్టు 26న. బిల్లు నుంచి 63 రోజులు, దిగుమతి నుంచి 59. గడువు ఎప్పటినుంచో మీ కాగితంలో లేదు. దిగుమతి నుంచైతే మీవి 44 టన్నులు, రూ.13,200. డీలరు సంతకం, తేదీ ఉన్న డెలివరీ చలానా జతచేసి, ఈ ఒక్క విషయమే రాతపూర్వకంగా అడగండి. వాపసు సరుకు గురించి వాదించకండి, అది స్పష్టంగా మినహాయింపుల్లో ఉంది.