నలుగురి ముఖాలు కలిపితే ఐదో ముఖం
(9, 10 తరగతులకు ఒక పాఠ్య పథకం)

లెక్కల్లో సగటు మీకు కొత్తేమీ కాదు. నలుగురి మార్కులు కూడి నాలుగుతో భాగిస్తే సగటు వస్తుంది. ముఖాలకు కూడా అలాగే సగటు కట్టవచ్చు. నలుగురి ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి కలిపితే ఎవరిదీ కాని ఒక ముఖం తయారవుతుంది. దీనిని సమ్మిళిత చిత్రం అంటారు. సాక్షులు చెప్పిన గుర్తులను బట్టి పోలీసులు గీయించే ఊహాచిత్రం వేరు, ఇది వేరు. ఈ చిత్రాన్ని తరగతిలో ఎలా తయారు చేయాలో, ఎవరి ఫొటోలు వాడవచ్చో చెప్పడానికి ఈ పాఠాన్ని రాశాము.

వ్యవధి: రెండు పీరియడ్లు. ఫొటోలు తీయడానికి వేరే ఒక సాయంత్రం.
సామగ్రి: ఒక కంప్యూటర్, అందులో ఉచితంగా దొరికే GIMP అనే ప్రోగ్రాం, కెమెరా ఉన్న ఒక ఫోను, కొలబద్ద, సమ్మతి చీటీలు, మూత ఉన్న ఒక డబ్బా.

ఉపోద్ఘాతం

ఈ పద్ధతిని మొదలుపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1878లో దీనిని ప్రచురించాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఒక ఫొటోకు పూర్తి నకలు తీయడానికి 80 సెకన్ల వెలుతురు అవసరమైతే, 8 ఫొటోలను వరుసగా ఒకే ప్లేటు ముందు పెట్టి ఒక్కొక్కదానికి 10 సెకన్లు మాత్రమే వెలుతురు ఇచ్చేవాడు. కళ్ళు ప్రతిసారీ ఒకే చోట పడేలా చూసుకునేవాడు. అంటే ఒక్కో ముఖానికి ఎనిమిదో వంతు వాటా అన్నమాట. మనం ఈ రోజు చేయబోయే లెక్క కూడా ఇదే.

గాల్టన్ మొదట వాడిన ఫొటోల్లో చాలావరకు ఖైదీలవి. జైళ్ళ అధికారి ఎడ్మండ్ డు కేన్ వాటిని ఇచ్చాడు. ఆ ఖైదీలను ఎవరూ అడగలేదు. ఒక్కో రకం నేరం చేసినవాళ్ళకు ఒక్కో రకం ముఖం ఉంటుందేమో చూడాలని గాల్టన్ ఉద్దేశం. కానీ కలిపిన ముఖాల్లో నేరగాడి పోలికలు కనిపించలేదు. విడివిడి ఫొటోల కన్నా నెమ్మదిగా కనిపించే మామూలు మనుషుల ముఖాలే వచ్చాయి. ఆ సంగతి ఆయనే రాశాడు. అయినా పుట్టుకతోనే మనుషులు మేలు రకం, నాసిరకం అవుతారన్న నమ్మకాన్ని వదలలేదు. దానికి 1883లో ఒక శాస్త్రం పేరు కూడా పెట్టాడు. ఇదే కాలంలో మన దేశంలో 1871 నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలలో పుట్టినవారందరినీ పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి ఎరుకల వంటివారిని పట్టుకుంది. 1952లో రద్దయింది. ముఖం చూసి మనిషిని అంచనా కట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి పాఠం మొదట్లోనే ఈ కథ చెప్పాలి. ఖైదీలను అడగలేదు, మనం మాత్రం అడిగే మొదలుపెడతాము.

మొదటి మెట్టు: సమ్మతి

అడ్మిషన్ కోసమో స్కాలర్‌షిప్ కోసమో ఇచ్చిన ఫొటోలను ఇందుకు వాడకూడదు. అవి ఆ పని కోసమే ఇచ్చినవి. గ్రూప్ ఫొటో నుంచి ఒకరి ముఖం కత్తిరించుకోవడమూ అంతే.

అందరి ముందూ "ఎవరెవరు ఇస్తారు, చేతులెత్తండి" అని అడగకండి. స్నేహితుడు ఎత్తితే ఎత్తక తప్పదు. చీటీ అందరికీ ఇచ్చి, అవుననో కాదనో రాసి మడిచి డబ్బాలో వేయమనాలి. చీటీలో ఇలా ఉంటే చాలు:

"నా ఫొటోను ఈ పాఠంలో ముఖాలు కలపడానికి మాత్రమే వాడవచ్చు. కలిపిన చిత్రాన్ని తరగతిలో చూపవచ్చు / సంచికలో అచ్చు వేయవచ్చు (ఒప్పుకున్నదాని కింద గీత గీయాలి). విడి ఫొటోను పాఠం అయిన రోజే చెరిపివేయాలి. చిత్రం అచ్చయ్యే లోపు నేను ఎప్పుడైనా వద్దనవచ్చు. కారణం చెప్పనక్కరలేదు."

కింద విద్యార్థి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 ఏళ్ళ లోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చదువు రాని తల్లిదండ్రులకు చీటీ చదివి వినిపించి, వాళ్ళకు అర్థమైందో లేదో తెలుసుకున్నాకే వేలిముద్ర తీసుకోవాలి.

వద్దన్నవారికి కొలతలు తీసే పని, లెక్క చేసే పని ఇవ్వండి. నిజానికి పాఠంలో ఎక్కువ భాగం ఆ పనే. కనీసం నలుగురు ఒప్పుకోకపోతే ముఖాలు కలపడం మానేసి, పూల ఫొటోలతోనో ఆకుల ఫొటోలతోనో పాఠం నడపవచ్చు.

రెండో మెట్టు: ఫొటో తీయడం

తెల్లటి గోడ ముందు నిలబెట్టి, సుమారు రెండు మీటర్ల దూరం నుంచి, కెమెరాను కళ్ళ ఎత్తులో పట్టుకుని తీయాలి. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా పడతాయి. వెలుతురు అందరికీ ఒకే కిటికీ నుంచి రావాలి. నోరు మూసి ఉండాలి. ఒకరు నవ్వి, ముగ్గురు నవ్వకపోతే కలిపిన చిత్రంలో పళ్ళు నీడలా కనబడతాయి.

మూడో మెట్టు: కళ్ళు కలపడం

కంప్యూటర్లో ఫొటో అంటే చిన్న చుక్కల గళ్ళే. ప్రతి చుక్కకూ ఎడమ నుంచి ఎంత, పై నుంచి ఎంత అని రెండు అంకెలుంటాయి. మన చిత్రంలో కళ్ళు (140, 200), (260, 200) దగ్గర ఉండాలని ముందే నిర్ణయించుకుందాం. రెంటి మధ్య దూరం 120 చుక్కలు.

ఒక విద్యార్థి ఫొటోలో కళ్ళు (310, 420), (460, 440) దగ్గర ఉన్నాయనుకోండి. అడ్డంగా తేడా 150, నిలువుగా తేడా 20. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం మధ్య దూరం 22500 + 400 యొక్క వర్గమూలం, అంటే సుమారు 151.3. మనకు 120 కావాలి కాబట్టి ఫొటోను 120 ÷ 151.3, అంటే 79.3 శాతానికి తగ్గించాలి. తల వాలు ఎంతో కూడా ఇక్కడే తెలుస్తుంది. 20 ÷ 150 టాన్ విలువగా ఉన్న కోణం సుమారు 7.6 డిగ్రీలు. పై నుంచి కిందికి లెక్కించే అంకెలు కాబట్టి కుడివైపు కన్ను కిందికి దిగి ఉంది. అందుకని ఫొటోను గడియారం ముళ్ళకు ఎదురు దిశలో 7.6 డిగ్రీలు తిప్పాలి. ఆ తర్వాత జరిపితే రెండు కళ్ళూ వాటి చోట్లలో కూర్చుంటాయి. తరగతి లెక్క వేశాక GIMP లోని Measure పనిముట్టుతో సరిచూసుకోవచ్చు.

నాలుగో మెట్టు: కలపడం

నలుపు తెలుపు ఫొటోలో ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. 0 నలుపు, 255 తెలుపు. చెంప మీద ఒకే చోట నలుగురి విలువలు 120, 80, 160, 200 అనుకుందాం. మొత్తం 560, సగటు 140.

GIMP లో File > Open as Layers తో నాలుగు ఫొటోలనూ పొరలుగా తెరిచి, ప్రతి పొర Mode ను Legacy గుంపులోని Normal గా మార్చి, పై ఫొటోల Opacity తగ్గిస్తే కింది ఫొటోలు కనబడతాయి. ఇక్కడ చాలామంది అన్నిటికీ 50 పెడతారు. దాంతో ఏమవుతుందో లెక్కిద్దాం. 120, 80 కలిసి 100. దానితో 160 కలిసి 130. దానితో 200 కలిసి 165. రావలసింది 140. పై ఫొటోకు సగం వాటా, అడుగున ఉన్న రెంటికీ ఎనిమిదో వంతు చొప్పున పడింది. చిత్రంలో పై ముఖాన్ని ఇట్టే గుర్తుపట్టగలిగితే ఈ తప్పు జరిగిందని తెలుసుకోవచ్చు.

సరైన విలువలు అడుగు నుంచి 100, 50, 33.3, 25. మొదటి రెండూ కలిసి 100. మూడోది 160 లో మూడో వంతు తీసుకుంటుంది, కింది 100 లో రెండు వంతులు మిగులుతాయి, వచ్చేది 120. నాలుగోది 200 లో పావు, 120 లో ముప్పావు; అంటే 50 + 90 = 140. ఇప్పుడు నలుగురికీ సమానంగా పావు వాటా.

ఐదో మెట్టు: చిత్రాన్ని చదవడం

కళ్ళు స్పష్టంగా ఉంటాయి, పెదవులు మాత్రం రెండు మూడు గీతలుగా కనబడతాయి. కారణం, కంటి గీత నుంచి నోటికి దూరం అందరికీ ఒకటి కాదు. నలుగురికీ 118, 126, 134, 122 చుక్కలు ఉంటే సగటు 125. కంటి గీత కింది భాగాన్ని ఒక్కొక్కరిది ఆ సగటుకు తగ్గట్టు సాగదీసి లేదా కుదించి కలిపితే నోరు ఒకటవుతుంది. పరిశోధకులు వాడే ప్రోగ్రాములు ఇలాంటి గుర్తులను ముఖమంతా పెట్టి, ముందు ఆకారాలకు సగటు కట్టి, తర్వాత రంగులకు సగటు కడతాయి.

చర్మం నున్నగా కనిపించడం పిల్లలు వెంటనే గమనిస్తారు. ఒకరి మొటిమ మిగతా ముగ్గురికీ ఆ చోట ఉండదు కాబట్టి అందులో పావు వంతే మిగులుతుంది. 32 ముఖాలు కలిపితే 32వ వంతు. కాబట్టి ఆ అందం సగటు వల్ల వచ్చినదే. అది మా హాస్టల్ ముఖమనో, ఫలానా కులం ముఖమనో అనడానికి వీల్లేదు. ఒప్పుకున్న నలుగురి సగటు, అంతే.

ఆరో మెట్టు: ఒకరు వద్దంటే

నాలుగో విద్యార్థి మర్నాడు వచ్చి "అన్నా, నాది తీసెయ్" అన్నాడనుకోండి. ముగ్గురితో చిత్రం మళ్ళీ చేస్తాము; ఆ చుక్క విలువ ఇప్పుడు 120. పాత నలుగురి చిత్రమూ ఎవరి దగ్గరో ఉందనుకోండి. 4 × 140 నుంచి 3 × 120 తీసివేస్తే 560 − 360 = 200. అది ఆ విద్యార్థి విలువే! ప్రతి చుక్కకూ ఇలాగే చేస్తే అతని ముఖం బయటపడుతుంది. ఫైలు దాచేటప్పుడు విలువలు కొద్దిగా మారతాయి కాబట్టి కొంత మసకగా ఉంటుంది, కానీ గుర్తుపట్టవచ్చు. కాబట్టి కొత్తది చేసేముందు పాతది పూర్తిగా చెరిపివేయాలి. రెండూ ఎప్పుడూ ఒకేసారి బయట ఉండకూడదు. ఇదే కారణంగా, పాఠమంతా అయ్యేవరకు చిత్రాన్ని ఎవరి ఫోనుకూ పంపవద్దు.

ఇంకొక్క జాగ్రత్త. GIMP దాచే .xcf ఫైలులో నాలుగు ముఖాలూ విడివిడి పొరలుగా అలాగే ఉంటాయి. చివరికి .png గా ఎగుమతి చేసిన చిత్రాన్ని మాత్రం ఉంచి, .xcf నూ, ఫోనులోని ఫొటోలనూ, చెరిపినవి చేరే బుట్టనూ ఖాళీ చేయాలి. ఫొటో ఇచ్చిన నలుగురినీ పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేస్తే వారికి మన మాట మీద నమ్మకం కలుగుతుంది.

మూల్యాంకనం

1. ఐదో ఫొటో పైన చేరితే దాని Opacity ఎంత ఉండాలి? ఎందుకు?
2. కళ్ళు (200, 310), (320, 301) దగ్గర ఉన్న ఫొటోను ఏ దిశలో తిప్పాలి? ఎంత శాతానికి తగ్గించాలి?
3. ఇద్దరి ముఖాలతో చేసిన చిత్రాన్ని, ఆ ఇద్దరిలో ఒకరి విడి ఫొటోను పక్కపక్కన అచ్చు వేస్తే రెండోవారికి ఏమి నష్టం? లెక్క చేసి చూపండి.
4. ఖైదీల ఫొటోలు కలిపినప్పుడు నేరగాడి ముఖం ఎందుకు రాలేదు? సగటు ఏమి చేస్తుందో ఆధారంగా రాయండి.