ముప్పావలా వడ్డీ అసలు ధర

చి. రవికి,

ట్రాలీ ఆటోకి 3 లక్షల అప్పు ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. షోరూమ్‌లో కూర్చున్న ఫైనాన్స్ కుర్రాడు 9 శాతం ఫ్లాట్ అంటున్నాడు, మన బ్యాంకు 14 శాతం అంటోంది. 9 ఎక్కడ, 14 ఎక్కడ అని నువ్వు అటు మొగ్గినట్టున్నావు. ఆ రెండు అంకెలూ ఒకే లెక్కలోంచి వచ్చినవి కావు. అవి పక్కపక్కన పెట్టి చూసేవి కావురా.

ఫ్లాట్ లెక్క చాలా సులువు. 3 లక్షలకు 9 శాతం చొప్పున ఏడాదికి 27,000, మూడేళ్లకు 81,000. దాన్ని అసలుకు కలిపి 36తో భాగిస్తే నెలకు 10,583 వాయిదా. ‘నూటికి ముప్పావలా వడ్డీయే కదా’ అని ఆ కుర్రాడు అని ఉంటాడు. మన ఊళ్లో ప్రోనోటు మీద ముప్పావలాకు ఇచ్చినవాడు కూడా, నువ్వు అసలులో సగం కట్టేస్తే మిగిలిన సగానికే వడ్డీ అడుగుతాడు. ఫ్లాట్‌లో అలా కాదు. ప్రతి వాయిదాలో 8,333 అసలుకు, 2,250 వడ్డీకి పోతుంది, మొదటి నెల నుంచి చివరి నెల దాకా అంతే. 36వ నెలకు వచ్చేసరికి నువ్వు బాకీ ఉన్నది 8,333. దాని మీద ఆ ఒక్క నెలకూ 2,250 వడ్డీ. అంటే నూటికి నెలకు 27 రూపాయలు!

బ్యాంకు 14 శాతం మిగిలిన అసలు మీదే. మొదటి నెల వడ్డీ 3,500, ఫ్లాట్ వాడికన్నా ఎక్కువే. కానీ వాయిదా 10,253 కాబట్టి 6,753 అసలులో తగ్గిపోతుంది. రెండో నెల వడ్డీ 3,421కి దిగుతుంది. అలా దిగుతూ దిగుతూ మూడేళ్లకు మొత్తం వడ్డీ 69,000 చిల్లర. ఫ్లాట్‌లో 81,000. ‘ఎక్కువ వడ్డీ’ బ్యాంకు దగ్గర నీకు దాదాపు 12,000 మిగులుతుంది.

ఇప్పుడు ఆ 9ని బ్యాంకు భాషలోకి మార్చాలి. సగటున చూస్తే అప్పులో సుమారు సగమే నీ చేతిలో ఉంటుంది, వడ్డీ మాత్రం మొత్తానికి కడతావు. అందుకే అసలు రేటు రెండింతలకు కాస్త తక్కువ ఉంటుంది. మూడేళ్ల అప్పుకు 1.8తో గుణిస్తే చాలు, 16.2 వస్తుంది. అయిదేళ్లయితే ఆ గుణకం కొంచెం తగ్గుతుంది. షోరూమ్‌లో నిలబడి చూసుకోవడానికి ఇది పనికొస్తుంది, సంతకానికి ముందు మాత్రం సరిగ్గా చూడాలి. ఫోన్లో గూగుల్ షీట్స్ తెరిచి ఒక గడిలో ఇలా కొట్టు:

```
=RATE(36,-10583,300000)*12
```

వాయిదా ముందు మైనస్ మరిచిపోతే లెక్క రాదు, తప్పు చూపిస్తుంది. సరిగ్గా కొడితే 0.1624 వస్తుంది, అంటే 16.24 శాతం. బ్యాంకు వాళ్ల 14 పక్కన పెట్టాల్సింది దీన్ని. నీకు ముప్పావలా అని చెప్పింది నిజానికి రూపాయి ముప్పై అయిదు పైసల వడ్డీ.

ఇంకా ఉంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అన్నాడని రాశావు. అది 6,000, దానిపై 18 శాతం జీఎస్టీతో 7,080. అది ముందే కోసుకుంటే నీ చేతికొచ్చేది 2,92,920. పై సూత్రంలో 300000 తీసేసి ఆ అంకె వేసి చూడు, రేటు దాదాపు 18కి పోతుంది. బ్యాంకుకూ ఇదే పరీక్ష పెట్టు, వాళ్లూ ఫీజు తీసుకుంటారు. వాయిదా తక్కువగా ఉందనో, గడువు ఎక్కువ ఇచ్చారనో చూసి మాత్రం పోల్చకు. రెండు చోట్లా అప్పు, నెలలు ఒకటే ఉంచి అడుగు.

ఇదంతా నువ్వు చేయకపోయినా వాళ్లు రాసివ్వాల్సిన కాగితం ఒకటుంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి కొత్త అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా ఒకటే, అదీ నీకు అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక వరస ఉంటుంది, ఫీజులన్నీ కలిపిన ఏడాది రేటు. ఫ్లాట్ అంటూ ఎన్ని మాటలు చెప్పినా అక్కడ 9 రాయలేరు. ‘సంతకం అయ్యాక ఇస్తాం’ అంటే ఒప్పుకోకు.

రెండు కాగితాలూ తెచ్చుకుని ఆ వరసల ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపు. అక్కకు నేను అడిగానని చెప్పు.

మీ మామయ్య