న్యాయ సలహా: ఈ-మెయిల్ గడువులోగానే అందిందని ఎలా రుజువు చేయాలి?

ప్రశ్న: ఆస్తి పన్ను పెంపుపై అభ్యంతరాలు జూన్ 10లోగా పంపాలని పురపాలక సంఘం నోటీసు ఇచ్చింది. అందులో ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామాకే 10వ తేదీ రాత్రి 11.40కి అభ్యంతరం పంపాను. రసీదులు జిప్ ఫైలుగా జతచేశాను. అది 12న అందిందనీ, గడువు దాటిందనీ తిరస్కరించారు. నేనేం చేయగలను?

జవాబు: మీ మెయిల్ ఆ కార్యాలయానికి ఏ క్షణంలో చేరిందన్నదే ఇక్కడ తేలాలి. గుమాస్తా తెరిచి చూసిన తేదీని చట్టం సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, అందుకునేవారు ఫలానా చోటికి పంపమని నిర్దేశిస్తే, మెయిల్ ఆ కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించిన సమయమే అందిన సమయం. నిర్దేశించిన చోటికి కాక ఆ కార్యాలయపు మరో చిరునామాకు పంపితే మాత్రం, వాళ్లు తీసి చూసినప్పుడే అందినట్టు. కాబట్టి ముందుగా నోటీసులోని చిరునామాను, మీరు పంపిన చిరునామాను అక్షరం అక్షరం సరిపోల్చుకోండి.

మరి రెండు రోజుల తేడా ఎక్కడ వచ్చింది? కార్యాలయాలకు వచ్చే మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌కు వెళ్లదు. మధ్యలో సాఫ్ట్‌వేర్ దాన్ని పరీక్షిస్తుంది. జిప్ ఫైలు ఉంటే అనుమానించి పక్కన పెట్టడం మామూలే. ఇలా సాఫ్ట్‌వేర్ దానంతట అది చేసిన పనినీ, ఆపరేటర్ చేసిన పనినీ సమయంతో సహా నమోదు చేసేదే ఆడిట్ లాగ్. రూపం ఒక్కో వ్యవస్థలో ఒక్కోలా ఉంటుంది. మీ మెయిల్ విషయంలో అది దాదాపు ఇలా ఉండవచ్చు:

```
2025-06-10T18:10:22Z RECEIVED   250 OK
2025-06-10T18:10:25Z QUARANTINE rule=ATT-07
2025-06-12T05:20:41Z RELEASE    user=operator2
2025-06-12T05:20:44Z DELIVERED  inbox
```

చివర Z ఉంటే అది అంతర్జాతీయ ప్రామాణిక సమయం. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం వస్తుంది. మొదటి వరుస 10వ తేదీ రాత్రి 11.40. అప్పుడే కార్యాలయ సర్వర్ మెయిల్‌ను తీసుకుంది. మూడు సెకన్ల తర్వాత జత ఫైళ్ల నిబంధన దాన్ని ఆపేసింది. 12న ఉదయం 10.50కి ఆపరేటర్ విడుదల చేశాడు. తిరస్కరణ లేఖలోని తేదీ ఈ చివరి వరుసలది. మీ హక్కు మొదటి వరుసలో ఉంది.

పరీక్షించే సర్వర్ వేరే సంస్థదని అధికారులు వాదించవచ్చు. అయితే చట్టంలోని నిర్వచనం ప్రకారం కంప్యూటర్ నెట్‌వర్క్, సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్ వనరు కిందికే వస్తాయి. కార్యాలయం తరఫున మెయిల్ తీసుకునే సర్వర్ ఆ కార్యాలయానిదేనని మీరు గట్టిగా వాదించవచ్చు.

లాగ్ మీ చేతికి రావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ చట్టంలో 'సమాచారం' అంటే ఈ-మెయిళ్లు, లాగ్‌బుక్‌లు కూడా. 'ఏం జరిగిందో వివరించండి' అని రాస్తే దారి మళ్లించడానికి వీలిచ్చినట్టే. ఉన్న రికార్డునే అడగండి: 'ఫలానా చిరునామా నుంచి, ఫలానా Message-ID తో వచ్చిన మెయిల్‌కు సంబంధించి జూన్ 10 నుంచి 12 వరకు ఉన్న లాగ్ వరుసల నకలు, దాన్ని ఆపిన నిబంధన, విడుదల చేసిన సమయం.' Message-ID మీరు పంపిన మెయిల్‌లోనే ఉంటుంది. జీమెయిల్‌లో Show original నొక్కితే కనిపిస్తుంది. ఆ మెయిల్‌ను చెరిపేయకండి. మీ మెయిల్ వరుసలు మాత్రమే అడిగితే ఇతరుల సమాచారం బయటపడుతుందన్న అభ్యంతరానికి చోటుండదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు చేయండి.

ఆలస్యం మాత్రం చేయకండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ తర్వాత చెరిగిపోవచ్చు. దరఖాస్తు అందాక అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేస్తే, సమాచార హక్కు చట్టం 20వ సెక్షన్ కింద బాధ్యుడైన అధికారికి రోజుకు రూ.250 చొప్పున, రూ.25,000 దాకా జరిమానా పడవచ్చు. అందుకే దరఖాస్తులోనే 'ఈ లాగ్‌ను భద్రపరచండి' అని రాయండి.

లాగ్ అందాక, 13వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ అభ్యంతరాన్ని గడువులోగా వచ్చినదిగా స్వీకరించాలని కమిషనర్‌కు రాతపూర్వకంగా కోరండి. ఒప్పుకోక కోర్టుకు వెళ్లాల్సి వస్తే, లాగ్ ప్రింటు ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం దానికి జతచేయాలి.

ప్రైవేటు బ్యాంకు లేదా బీమా సంస్థతో ఇదే చిక్కు వస్తే సమాచార హక్కు దరఖాస్తు నేరుగా పనిచేయదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసి, ఆ సంస్థ లాగ్‌ను హాజరుపరచేలా ఆదేశించమని అక్కడే కోరాలి. పత్రాలను తెప్పించే విషయంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆ కమిషన్‌కు సివిల్ కోర్టుతో సమానమైన అధికారం ఇచ్చింది.