కంటికి కనిపించే దుమ్ము, కనిపించని దుమ్ము

మన అనంతపురం జిల్లాలో దుమ్ము లేని ఊరు లేదు. ఎండిన చేల మీదుగా గాలికి లేచే ఎర్రమన్ను, చెనక్కాయలు నూర్చేటప్పుడు లేచే పొట్టు, తాడిపత్రి వైపు రాళ్లు కోసే మిషన్ల పొడి – అన్నింటినీ పీలుస్తూనే ఉంటాం. వీటిలో ఊపిరితిత్తుల లోతుకు ఏది చేరుతుందో ముఖ్యంగా రేణువు సైజే నిర్ణయిస్తుంది.

రేణువులను మైక్రాన్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. గ్రానైట్ కోసేటప్పుడు లేచిన మూడు రేణువులను గమనించండి.

30 మైక్రాన్ల రేణువు: ఇది బరువైనది. గాలితోపాటు మలుపు తిరగలేక ముక్కులోని వెంట్రుకలకు, జిగురుకు అంటుకుంటుంది. చీదితే నల్లగా బయటికి వచ్చేది ఇదే. బరువు పనిలో నోటితో గాలి పీల్చేవారికి ఈ మొదటి కాపలా తప్పిపోతుంది.

6 మైక్రాన్ల రేణువు: ఇది శ్వాసనాళాలు చీలే చోట గోడలకు తగులుతుంది. అక్కడ జిగురు దాన్ని పట్టుకుంటుంది. సన్నని నూగు వంటి కేశాలు ఆ జిగురును గొంతు వైపు నెడతాయి. చాలావరకు ఒక రోజులో బయటపడుతుంది. బీడీ, సిగరెట్ పొగ ఈ కేశాలను దెబ్బతీస్తుంది.

2 మైక్రాన్ల రేణువు: ఇది కంటికి కనిపించదు. చివరనున్న గాలి గదుల దాకా పోగలదు. అక్కడ కేశాలు లేవు. రక్షక కణాలు దాన్ని మింగి, వారాలు, నెలలు పట్టి తొలగిస్తాయి. కానీ గ్రానైట్‌లో పలుగురాయి ఉంటుంది. దాన్ని మింగిన కణమే చచ్చిపోతుంది. రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఇలా జరిగిన చోటల్లా మచ్చ కడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. ఈ మచ్చలను మాన్పే మందు లేదు. క్షయ క్రిములను పట్టేదీ ఈ కణాలే గనుక వీరికి క్షయ తేలికగా సోకుతుంది.

మిషన్ ఆపగానే దుమ్ము అణగిందని అనుకోకండి. కదలని గాలిలో తల ఎత్తు నుండి మొదటి రేణువు అర నిమిషంలోపే నేల చేరుతుంది. మూడవదానికి గంటకు పైగా పడుతుంది. ముఖానికి కట్టిన తువ్వాలు మొదటిదాన్ని ఆపుతుంది గాని, మూడవదాన్ని ఆపలేదు.

కాబట్టి మీ ఇంటివారు రాతి పనిలో ఉంటే:

1. రాయిని నీళ్లు పోస్తూ కోయాలి. పొడిగా ఊడ్వకూడదు, నీళ్లు చల్లి తీయాలి.
2. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి.
3. పనిబట్టలను ఇంట్లో దులపకుండా నీళ్లలో నానబెట్టి ఉతకాలి.

మునుపు సులువుగా ఎక్కిన మెట్టుకే ఆయాసం వస్తున్నా, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా ఆలస్యం చేయకండి. ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించండి. ఎన్నేళ్లు ఏ రాయితో పనిచేశారో డాక్టరుగారికి తప్పక చెప్పండి. పని మానిన ఏళ్ల తర్వాత కూడా ఈ జబ్బు బయటపడవచ్చు.