రెండు సంస్థల మధ్య అవగాహన ఒప్పంద రచన: బొబ్బిలి ప్రాంతంలో చోడి చిరుసంచుల ప్రయోగం ఉదాహరణగా

ఉపోద్ఘాతం

విస్తరణ కార్యక్రమాలలో అవగాహన ఒప్పందం తరచుగా పాత ప్రతిలో పేర్లు, తేదీలు మార్చి తయారవుతుంది. కార్యక్రమం సాఫీగా సాగినంతకాలం ఆ లోపం బయటపడదు. పంట పొలంలో ఉండగా ఒక సంస్థ తప్పుకొన్నప్పుడే ఒప్పందంలోని ప్రతి మాటకూ పరీక్ష ఎదురవుతుంది. కావున ప్రతి షరతును ఒకే ప్రశ్నతో సరిచూచుకోవాలి: పంట మధ్యలో ఒప్పందం తెగితే, ఈ వాక్యం ప్రకారం ఎవరు ఏమి చేయవలసి ఉంటుంది?

ఈ వ్యాసంలో బోధన నిమిత్తం ఒక నమూనా పరిస్థితిని తీసుకొన్నాము. ఇంకా విడుదల కాని ఒక చోడి (రాగి) రకాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయం చిరుసంచుల దశలో పరీక్షించదలచింది. బొబ్బిలి మండలంలోని ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థ పది మంది సభ్యుల పొలాలను చూపుతుంది. ఒక్కొక్కరికి పది సెంట్లు, మొత్తం ఒక ఎకరం. నాటే పద్ధతిలో ఎకరాకు 2 కిలోల విత్తనం చొప్పున ఒక్కొక్క రైతుకు 200 గ్రాముల సంచి అందుతుంది.

పక్షాలు, ఉద్దేశం

మొదట ఒప్పందం చేసుకొనే పక్షం ఎవరో తేలాలి. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం ప్రయోగాన్ని నిర్వహించవచ్చును గాని, చట్టం దృష్టిలో పక్షం విశ్వవిద్యాలయమే. సంతకం చేసే అధికారికి ఆ అధికారం ఉన్నట్లు, రైతు సంస్థ పక్షాన డైరెక్టర్ల బోర్డు తీర్మానం ఉన్నట్లు పత్రంలో పేర్కొనాలి.

కార్యక్షేత్రాన్ని జిల్లా పేరుతో కాక మండలం, గ్రామం పేర్లతో వ్రాయడం మేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బొబ్బిలి విజయనగరం జిల్లాలోనే నిలిచింది. రస్తాకుంటుబాయిలోని కృషి విజ్ఞాన కేంద్రం పార్వతీపురం మన్యం జిల్లా పరిధిలోకి వెళ్లింది. అంతకుముందు ‘విజయనగరం జిల్లా’ అని మాత్రమే వ్రాసిన ఏ పత్రంలోనైనా ఆ కేంద్రం లోపలా, వెలుపలా అన్న సందేహం వచ్చే అవకాశముంది.

ఉద్దేశం ఒక్క వాక్యంలో కొలవదగినదిగా ఉండాలి. ‘చోడి సాగు అభివృద్ధికి పరస్పరం సహకరించుకొనుట’ అన్నది ఆశయం మాత్రమే. ‘2026, 2027 ఖరీఫ్‌లలో పది పొలాలలో కొత్త రకాన్ని స్థానిక రకంతో పోల్చి, దిగుబడిని, అగ్గితెగులు తీవ్రతను నమోదు చేయుట’ అని వ్రాస్తే పని పూర్తయినదీ లేనిదీ ఎవరైనా చెప్పగలరు.

బాధ్యతలు

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 29వ సెక్షన్ ప్రకారం అర్థం నిశ్చయంగా తేలని ఒప్పందం చెల్లదు. ‘తగిన సహకారం అందించాలి’ వంటి మాటలు ఈ బలహీనత కలవే. ప్రతి బాధ్యతకూ చేసే పక్షం, పరిమాణం, గడువు అన్న మూడూ ఉండాలి. మన ఉదాహరణలో విశ్వవిద్యాలయం జూన్ 20 లోపు పది సంచులు అందజేస్తుంది. రైతు సంస్థ కోతకు కనీసం మూడు రోజుల ముందు తెలియజేస్తుంది. శాస్త్రవేత్త సమక్షంలో కోసి, ఆరబెట్టిన తరువాతే దిగుబడి తూకం నమోదవుతుంది.

ఇక్కడ తరచుగా మరచే విషయం ఒకటున్నది. రైతు సంస్థ సంతకం చేసినంత మాత్రాన దాని సభ్యులు వ్యక్తిగతంగా ఆ షరతులకు బద్ధులు కారు. కావున పదిమంది రైతుల నుండి తెలుగులో ఒక పుట అంగీకార పత్రం తీసుకొనే బాధ్యతను సంస్థకు అప్పగించి, ఆ పత్రాలు అందిన తరువాతే విత్తనం ఇవ్వబడునని వ్రాయాలి.

గోప్యత, విత్తనం

ఎకరాకు 10 క్వింటాళ్ల దిగుబడి అనుకొంటే పది సెంట్లలో ఒక క్వింటాలు పండుతుంది. ఎకరాకు 2 కిలోల చొప్పున ఆ ఒక్క పొలం గింజలే 50 ఎకరాలకు, పది పొలాలవి 500 ఎకరాలకు విత్తనంగా సరిపోతాయి. విడుదల కాని రకం ఒక్క పంటతో చేయిదాటిపోవడానికి ఇది చాలు.

మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం, 2001 క్రింద కొత్త రకంగా నమోదు కావాలంటే, దరఖాస్తుకు ఏడాదికి మించి ముందు ప్రజనకర్త గాని, వారి సమ్మతితో ఇతరులు గాని దానిని మన దేశంలో వాణిజ్యపరంగా విక్రయించి ఉండరాదు. కేవలం పరీక్ష జరపడం ఈ హక్కుకు భంగం కాదు. అందువలన సంచులను ‘విక్రయం’ అనక ‘పరీక్ష నిమిత్తం ఉచిత సరఫరా’ అని వ్రాయాలి. వాటికి నామమాత్రపు ధర కూడా పెట్టరాదు.

పండిన గింజను రైతు ఉచితంగా వదులుకోవాలనడం న్యాయం కాదు. మార్కెట్ ధరపై 20 శాతం అదనంగా చెల్లించి విశ్వవిద్యాలయమే కొనాలి. కోత తరువాత 30 రోజులలో కొననిచో రైతు దానిని తిండిగింజగా వాడుకోవచ్చునని చేర్చాలి. ఈ నిబంధన పరీక్ష రకానికే పరిమితం. రైతు తన ఇతర విత్తనాన్ని దాచుకొనే, పంచుకొనే హక్కును తాకే మాట అందులో ఉండరాదు.

సమాచారం విషయంలో విశ్వవిద్యాలయం సంపూర్ణ గోప్యతకు మాట ఇవ్వలేదు. అది సమాచార హక్కు చట్టం, 2005 పరిధిలోని సంస్థ. వాణిజ్య రహస్యాలకు 8(1)(డి) సెక్షన్ మినహాయింపు ఇస్తున్నా, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నదని అధికారి భావిస్తే వెల్లడించవచ్చును. కావున ‘ఏ సమాచారమూ వెల్లడించరాదు’ అనక, గోప్యమైనవి ఏవో జాబితాగా ఇవ్వాలి: రకం వంశక్రమం, విడుదలకు ముందటి దిగుబడి వివరాలు, రైతుల వ్యక్తిగత వివరాలు.

కాలపరిమితి, వైదొలగుట

రెండు ఖరీఫ్‌ల పరీక్షకు 2026 జూన్ 1 నుండి సరిగ్గా రెండేళ్లు వ్రాయనక్కరలేదు. రెండవ పంట కోత, లెక్కల విశ్లేషణ, చెల్లింపులు ముగిసేలా 2028 మార్చి 31 వరకు ఉంటే చాలును.

సమస్య అంతా వైదొలగే షరతులోనే ఉన్నది. పాత ప్రతులలో కనిపించే ‘60 రోజుల నోటీసుతో ఏ పక్షమైనా రద్దు చేసుకోవచ్చు’ అన్న వాక్యాన్ని పంటతో పోల్చి చూద్దాం. 120 రోజుల రకానికి జూలై 1న నారు పోస్తే అక్టోబరు ఆఖరుకు కోతకు వస్తుంది. ఆగస్టు 15న నోటీసు ఇస్తే అక్టోబరు 14న ఒప్పందం ముగుస్తుంది. అప్పటికి గింజ పాలు పట్టి గట్టిపడుతున్నది. తూకం వేసేవారు లేరు, గింజ కొనేవారు లేరు, దానిని ఆపే హక్కూ ఎవరికీ లేదు. గడువును క్యాలెండరుతో కాక పంటతో ముడిపెట్టడమే మార్గం. నమూనా వాక్యం ఇది:

‘ఏ పక్షమైనను 60 రోజుల లిఖితపూర్వక నోటీసుతో వైదొలగవచ్చును. అయితే నోటీసు గడువు ముగియు నాటికి పొలములో పరీక్ష పంట ఉన్నచో, ఆ పంట కోత పూర్తయిన 45 రోజుల తరువాతనే ఒప్పందము ముగియును. గింజ కొనుగోలు, బకాయిల చెల్లింపు, గోప్యత నిబంధనలు ఒప్పందము ముగిసిన తరువాతను కొనసాగును.’

కొనుగోలు గడువు 30 రోజులు గనుక, చెల్లింపుకు మరి 15 రోజులు కలిపి 45 అయినది. ఒక షరతులోని గడువు మరొక షరతులోని గడువుతో ఇట్లు పొసగాలి. గోప్యత ఎంతకాలమో కూడా చెప్పాలి. రకం విడుదలయ్యే వరకు లేదా మూడేళ్లు, ఏది ముందైతే అది అన్నది ఈ ఉదాహరణకు సరిపోతుంది.

ముగింపు

‘అవగాహన ఒప్పందం’ అన్న శీర్షిక పెట్టినంత మాత్రాన పత్రానికి చట్టబద్ధత లేదనీ, ఉన్నదనీ చెప్పలేము. పక్షాల ఉద్దేశాన్ని, షరతుల స్వభావాన్ని బట్టి న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని అనుమానానికి వదలక, విత్తనం, చెల్లింపులు, గోప్యత, వైదొలగుట అన్న నాలుగు షరతులు ఇరుపక్షాలనూ బంధిస్తాయని, శిక్షణ, సందర్శనల వంటి తక్కిన సహకారం సద్భావన మీద ఆధారపడుతుందని చివరి పేరాలో స్పష్టంగా వ్రాయాలి. సంతకాలకు ముందు ముసాయిదాను పదిమంది రైతులలో ఒకరికి చదివి వినిపించి, ఆగస్టులో సంస్థ తప్పుకొంటే తన గింజ ఏమవుతుందో చెప్పమని అడగాలి. ఆయన తడుముకోకుండా చెప్పగలిగితే ఆ పత్రం సంతకానికి సిద్ధమైనట్లే.